రెండు పనులు, ఒకే క్యాలెండరు: బయోడేటాలో అపోహలు – వాస్తవాలు

పర్చూరు చుట్టుపక్కల ఒకే మనిషి రెండు చోట్ల పనిచేయడం వింతేమీ కాదు. పత్తి సీజన్ దసరా దాటాక ఊపందుకుంటుంది. అది తగ్గుముఖం పట్టకముందే, సంక్రాంతికల్లా మిర్చి మొదలవుతుంది. జిన్నింగ్ మిల్లులో నెల జీతానికి లెక్కలు రాసే కుర్రాడే సాయంత్రం ఇంటికొచ్చి మిర్చి కమీషన్ షాపు ఖాతాలూ రాస్తాడు. ఊళ్లో ఎవరికీ ఇందులో గందరగోళం ఉండదు. ఆ కుర్రాడు బయోడేటా టైపు చేయించుకుని, అతని ఊరు చూడని మనిషి ముందు పెట్టిన రోజున మొదలవుతుంది అసలు తంటా.

ఒక మనిషిని అనుకుందాం. బీకాం చదివాడు. 2019 జూన్‌లో పర్చూరులో ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ అసిస్టెంటుగా చేరి, 2023 మార్చి 31 దాకా ఉన్నాడు. ఏప్రిల్ 3న గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. ఈలోగా 2021, 2022, 2023 సంవత్సరాల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డులోని ఒక కమీషన్ షాపుకు ఇంటి నుంచే లెక్కలు రాసిపెట్టాడు. పగలు అమ్మిన టిక్కీల తక్‌పట్టీలు ఫొటోలు తీసి ఫోనుకు పంపేవారు. ఇతను రాత్రి ట్యాలీలో ఎక్కించి, కాటా, హమాలీ, కమీషన్ పోను రైతుకు ఎంత రావాలో తేల్చేవాడు. 2024 డిసెంబరులో యడ్లపాడు దగ్గర వంకాయలపాడు స్పైసెస్ పార్కులోని ఒక ఎగుమతి కంపెనీకి దరఖాస్తు పెడుతున్నాడు. వాళ్లు అయిదేళ్ల అనుభవం అడిగారు.

ఇతనికి చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహాలే ఈ అపోహలు.

అపోహ: తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే అబద్ధమనుకుంటారు. కాస్త జరిపి రాయాలి.

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. ఇచ్చేవాళ్లు మాత్రం నిజంగా మేలు కోరే ఇస్తారు. మిల్లు ఉద్యోగం 2020 డిసెంబరుకే అయిపోయినట్టు రాసి, తర్వాత షాపు పని పెడితే వరుస చక్కగా కనిపిస్తుందంటారు. కాగితం మీద కనిపిస్తుంది. కానీ మిల్లు ఇచ్చిన రిలీవింగ్ లెటర్‌లో 2023 మార్చి అని ఉంటుంది. పీఎఫ్ ఖాతాలోనూ అదే ఉంటుంది. ఉద్యోగంలోకి తీసుకునే ముందు వివరాలు సరిచూసేవాళ్లు చేసే మొదటి పని బయోడేటాలోని తేదీని లెటర్‌లోని తేదీ పక్కన పెట్టడం. రెండూ కలవకపోతే వివరణ అడగాల్సి వస్తుంది. ఆ వివరణ ఎంత బాగున్నా, 'తేదీ మార్చాడు' అన్న మాట ఆ ఫైల్లో పడిపోతుంది.

తేదీలు కలిసి నడవడం తప్పు కాదు. చదివేవాడికి ఏది పూర్తి ఉద్యోగమో, ఏది పక్క పనో తెలియకపోవడమే చిక్కు. దానికి మందు తేదీ పక్కన రెండు మాటలు: ఫుల్ టైమ్, పార్ట్ టైమ్. ఇంతకంటే పెద్ద రహస్యం లేదు. కాకపోతే ఆ మాటల్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. పని వివరాల్లో మూడో వాక్యంలో రాస్తే ఎవరూ చూడరు. హోదా పక్కనే, అదే వరుసలో ఉండాలి.

అపోహ: సంవత్సరాలు వేస్తే చాలు. నెలలెందుకు?

నెట్ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న బయోడేటా నమూనా ఒకటుంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, తెలిసిన భాషలు, కింద అనుభవం. ఆ అనుభవం గడిలో సంవత్సరాలకే చోటుంటుంది. మన కుర్రాడు అందులో రాయించుకుంటే ఇలా వస్తుంది:

2019 – 2023: జిన్నింగ్ మిల్లు, అకౌంట్స్
2021 – 2023: కమీషన్ షాపు, అకౌంట్స్
2023 – ఇప్పటిదాకా: కోల్డ్ స్టోరేజీ, అకౌంట్స్

వంకాయలపాడులో కూర్చుని ఈ మూడు వరుసలు చదివే మనిషికి ఏం అర్థమవుతుంది? 2021లో మిల్లు వదిలేశాడా, వదలకుండానే షాపులో చేరాడా తెలియదు. షాపులో రెండేళ్లు పూర్తిగా పనిచేసినట్టు కనిపిస్తుంది. 2023లో రెండు చోట్లా ఒకేసారి మానేసినట్టు ఉంటుంది. అలా ఎందుకు మానేశాడన్న అనుమానం మొదలవుతుంది. మూడు వరుసల్లోనూ హోదా 'అకౌంట్స్' ఒక్కటే కాబట్టి ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పే ఆధారం కూడా లేదు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ నిజాలే, అయినా చదివినవాడికి తప్పు బొమ్మే కనిపిస్తుంది.

మన ప్రాంతంలో పక్క పనులు చాలావరకు సీజన్‌వి. సీజన్ పనికి మొదటి ఏడాది, చివరి ఏడాది వేస్తే మధ్యలో పని లేని నెలలన్నీ పనిచేసినట్టే లెక్కలోకి వస్తాయి. ఇతను షాపుకు నిజంగా రాసిపెట్టింది మూడు సీజన్లు, సీజనుకు నాలుగు నెలల చొప్పున మొత్తం పన్నెండు నెలలు. అదే ముక్క రాయాలి:

అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ (ఫుల్ టైమ్) – మిర్చి కోల్డ్ స్టోరేజీ, గుంటూరు
ఏప్రిల్ 2023 నుంచి ఇప్పటిదాకా

అకౌంట్స్ అసిస్టెంట్ (ఫుల్ టైమ్) – పత్తి జిన్నింగ్ మిల్లు, పర్చూరు
జూన్ 2019 – మార్చి 2023

సీజన్ పని (పార్ట్ టైమ్, ఇంటి నుంచి, పని వేళల తర్వాత)
మిర్చి కమీషన్ షాపు లెక్కలు, గుంటూరు యార్డు
జనవరి – ఏప్రిల్: 2021, 2022, 2023

'పని వేళల తర్వాత' అన్న మాటను అదనపు ముచ్చట అనుకోవద్దు. చదివేవాడి మనసులో పుట్టే ప్రశ్న ఒక్కటే: 'మిల్లులో ఉన్న గంటల్లోనే ఈ పనీ చేశాడా?' ఆ ప్రశ్న అడగకముందే జవాబు అక్కడుంటే ఇంటర్వ్యూలో దాని మీద సమయం పోదు.

ఆన్‌లైన్ ఫారాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ ఒక ఉద్యోగానికి ఒక మొదలు, ఒక చివర మాత్రమే అడుగుతారు, సీజన్లు పెట్టే గడి ఉండదు. మూడు సీజన్లకు మూడు వేర్వేరు ఎంట్రీలు చేస్తే మనిషి నాలుగేసి నెలలకు ఉద్యోగాలు మారేవాడిలా కనిపిస్తాడు. ఒక్కటే ఎంట్రీ చేసి 01/2021 – 04/2023 అని పెట్టండి. హోదా గడిలోనే 'సీజనల్, పార్ట్ టైమ్' అని చేర్చండి, వివరం గడిలో మొదటి వాక్యంగా 'ఏటా జనవరి–ఏప్రిల్ మాత్రమే' అని రాయండి. ఫారం తిప్పుకునే అవకాశం ఇవ్వనప్పుడు మాటతోనే సరిచేయాలి.

ఇదే సందర్భంలో ఒక చిన్న విషయం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక పర్చూరు ప్రకాశం నుంచి అందులోకి వెళ్లింది. పాత జీతం స్లిప్పుల మీద ప్రకాశం జిల్లా, రిలీవింగ్ లెటర్ మీద బాపట్ల జిల్లా ఉంటాయి. బయోడేటాలో ఒకచోట అదీ, ఒకచోట ఇదీ రాస్తే దూరాన ఉన్నవాడికి ఒకే మిల్లు రెండు మిల్లుల్లా అనిపిస్తుంది. ఇప్పుడున్న జిల్లా పేరే అంతటా వాడండి. మిల్లు పేరు ఇంగ్లిష్ స్పెల్లింగు కూడా లెటర్‌హెడ్ మీద ఎలా ఉంటే అక్షరం మారకుండా అలాగే రాయండి.

అపోహ: ఏది చివర మొదలైతే అది పైన రావాలి.

కొత్తది పైన, పాతది కింద అన్న పద్ధతి అందరికీ తెలిసిందే. అది ఒకదాని తర్వాత ఒకటి చేసిన ఉద్యోగాలకు సరిపోతుంది. రెండు పనులు పక్కపక్కన నడిచినప్పుడు దాన్ని గుడ్డిగా పాటిస్తే నష్టం. ఇతను 2022లోనే ఎక్కడికైనా దరఖాస్తు పెట్టి ఉంటే, 2021లో మొదలైన షాపు పని పైనా, 2019లో మొదలైన మిల్లు ఉద్యోగం కిందా వచ్చేవి. పై వరుస చదివి, 'రాత్రిపూట ఇంటి దగ్గర లెక్కలు రాసే అబ్బాయి' అనుకుని కింద వరుస దాకా వెళ్లకుండానే కాగితం పక్కన పెట్టేవాళ్లూ ఉంటారు. రెండూ నడుస్తుంటే ఫుల్ టైమ్ ఉద్యోగమే పైన ఉండాలి, అది ఎప్పుడు మొదలైనా సరే. పక్క పనికి విడిగా ఒక శీర్షిక పెట్టి కింద ఇవ్వాలి.

అయితే ఈ కుర్రాడి విషయంలో ఒక మెలిక ఉంది. ఎగుమతి కంపెనీకి పత్తి లెక్కలతో పనేముంది? వాళ్లకు కావలసింది మిర్చి తెలిసినవాడు. యార్డులో ధర ఎలా పడుతుందో, తక్‌పట్టీలో ఏ ఖర్చు ఎవరి మీద పడుతుందో ఇతను నేర్చుకున్నది పక్క పనిలోనే. అలాంటప్పుడు దాన్ని అట్టడుగున పారేయడం తెలివి కాదు. అలాగని వరుస మార్చి ఫుల్ టైమ్ ఉద్యోగాల మధ్యలో దూర్చనూ కూడదు. బయోడేటా తల దగ్గర రెండు వాక్యాల పరిచయం ఉంటుంది కదా, అందులో 'మిర్చి యార్డు లెక్కల్లో మూడు సీజన్ల అనుభవం' అని ఒక ముక్క వేస్తే సరిపోతుంది. ఆ మాట చదివినవాడు కిందున్న వివరం తనే వెతుక్కుంటాడు.

అపోహ: రెండు పనుల అనుభవం రెండింతలు.

పై కుర్రాడి లెక్కే తీద్దాం. మిల్లులో జూన్ 2019 నుంచి మార్చి 2023 దాకా 46 నెలలు. కోల్డ్ స్టోరేజీలో ఏప్రిల్ 2023 నుంచి డిసెంబరు 2024 దాకా 21 నెలలు. కలిపితే 67 నెలలు, అంటే అయిదేళ్ల ఏడు నెలలు. షాపు పని పన్నెండు నెలలూ ఈ 67 నెలల లోపలే ఉన్నాయి కాబట్టి వాటికి విడిగా ఏమీ కలవదు. 'మొత్తం అనుభవం' గడిలో అయిదేళ్ల ఏడు నెలలే రాయాలి.

కలిపేస్తే ఆరేళ్ల ఏడు నెలలవుతుంది. పైన చూపిన సంవత్సరాల బయోడేటా ప్రకారం తీసివేతలు చేసుకుంటూ పోతే నాలుగు, రెండు, ఒకటి – ఏడేళ్లు! మూడు లెక్కలకు మూడు జవాబులు. కంపెనీ అడిగింది అయిదేళ్లే, ఇతనికి నిజంగానే అయిదున్నర దాటింది. అవసరం లేని చోట పెంచుకుని అనుమానం కొనితెచ్చుకోవడం ఎందుకు?

అపోహ: పీఎఫ్‌లో తేదీలు కలిసిపోతే ఇక అంతే, పట్టుబడినట్టే.

ఈ భయం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే పీఎఫ్‌లో కనిపించే కలయిక చాలాసార్లు పక్క పని వల్ల వచ్చేది కాదు. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకు పీఎఫ్ వర్తిస్తుంది. ముగ్గురు నలుగురు గుమాస్తాలతో నడిచే కమీషన్ షాపు, అందులోనూ పనికింతని డబ్బిచ్చే షాపు, పీఎఫ్ కట్టదు. కాబట్టి ఇతని పక్క పని ఆ రికార్డులో ఉండనే ఉండదు. 'పీఎఫ్‌లో లేదు కాబట్టి అబద్ధం' అని ఎవరైనా అనుకునే వీలుంది కనుక, షాపు డబ్బు వేసిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, యజమాని సంతకంతో పని చేసిన నెలలు రాసిన ఒక కాగితం దగ్గర పెట్టుకోవాలి. సీజన్ అయిన వెంటనే రాయించుకుంటే పది నిమిషాల పని. మూడేళ్ల తర్వాత వెళ్తే ఆయనకు గుర్తుండదు.

మరి పీఎఫ్‌లో కలయిక ఎలా కనిపిస్తుంది? ఎక్కువగా పాత యజమాని మానేసిన తేదీ ఎక్కించకపోవడం వల్ల. మెంబర్ పోర్టల్‌లో `View` కింద `Service History` తెరిస్తే ఒక్కో సంస్థకు చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. మిల్లు వరుసలో `DOE EPF` దగ్గర ఖాళీ ఉంటే, రికార్డు ప్రకారం ఇతను మిల్లులోనూ కోల్డ్ స్టోరేజీలోనూ ఇప్పటికీ పనిచేస్తున్నట్టే. పక్క పనిని నిజాయతీగా బయోడేటాలో రాసిన మనిషి, అసలు చేయని రెండో ఉద్యోగానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

దీన్ని సభ్యుడే సరిచేసుకోవచ్చు. చివరిగా పీఎఫ్ జమ అయిన నెల నుంచి రెండు నెలలు గడిచాక `Manage` లో `Mark Exit` ద్వారా తేదీ పెట్టుకోవచ్చు. ఆధార్‌కు జోడించిన ఫోను చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఆఖరి పీఎఫ్ ఏ నెలకు జమ అయిందో ఆ నెలలోని తేదీయే పెట్టాలి. రిలీవింగ్ లెటర్ ముందు పెట్టుకుని, అందులో ఉన్న రోజే వేయండి. ఒకసారి పెట్టిన తేదీని మళ్లీ మార్చుకోవడం అంత తేలిక కాదు.

ఇంకో రకం కలయిక పాస్‌బుక్‌లో కనిపిస్తుంది. మార్చి జీతం మీద పీఎఫ్‌ను యజమాని ఏప్రిల్ 15 లోపు కడతాడు. డబ్బు పడిన తేదీ చూసి 'ఏప్రిల్‌లో కూడా మిల్లులోనే ఉన్నాడు' అనుకోవడం పొరపాటు. జీతం ఏ నెలదన్నది చూడాలి. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ఈ ఒక్క మాట చెప్పగలిగితే చాలు.

పాత పీఎఫ్‌ను కొత్త ఖాతాకు మార్చుకునేటప్పుడు తేదీలు కలిశాయని దరఖాస్తులు తిప్పి పంపడం ఒకప్పుడు మామూలే. 2025 మేలో పీఎఫ్ సంస్థ తన ఆఫీసులకు సర్క్యులర్ పంపింది: తేదీలు కలవడం ఒక్కటే కారణంగా ట్రాన్స్‌ఫర్ తిరస్కరించకూడదు, నిజమైన కారణాల వల్లా అలా జరగవచ్చు, స్పష్టత అవసరమైతేనే వివరణ అడగాలి అని. పీఎఫ్ సంస్థే ఆ మాట అన్నాక తేదీల కలయికనే నేరంలా చూడడంలో అర్థం లేదు.

అపోహ: బయోడేటాలో సరిగ్గా చూపిస్తే చాలు, పక్క పనికి అభ్యంతరమే ఉండదు.

చూపించే తీరు ఒకటి, చేసే హక్కు ఒకటి. 2022 సెప్టెంబరులో విప్రో తమ ఉద్యోగులు మూడొందల మంది పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని గుర్తించి తీసేసినట్టు ప్రకటించింది. అదే నెలలో రెండో ఉద్యోగం కుదరదని ఉద్యోగులను హెచ్చరించిన ఇన్ఫోసిస్, అక్టోబరు వచ్చేసరికి మేనేజరు అనుమతితో, పోటీ సంస్థలకు కాకుండా, బయటి చిన్న పనులు చేసుకోవచ్చని చెప్పింది. రెండు చోట్లా కీలకం ఒకటే: పక్క పని ఎవరికి చేస్తున్నారు అన్నది. సచివాలయ ఉద్యోగి అయినా, ఇంకే ప్రభుత్వ ఉద్యోగి అయినా లెక్క వేరు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా బయటి వ్యాపారం, ఉద్యోగం చేయకూడదు.

మన కుర్రాడికి మిల్లులో ఉన్నంతకాలం ఈ తకరారు లేదు. మిల్లుది పత్తి, షాపుది మిర్చి, ఒకరి వ్యాపారంతో ఇంకొకరికి సంబంధం లేదు. నియామక పత్రంలో బయటి పని గురించి ఏముందో చూసుకుని, యజమాని చెవిన వేస్తే సరిపోయేది. చిక్కంతా 2023 ఏప్రిల్‌లో ఉంది. ఆ నెలలో ఇతను కోల్డ్ స్టోరేజీ ఉద్యోగి, రాత్రిళ్లు అదే కమీషన్ షాపు గుమాస్తా. షాపువాళ్ల టిక్కీలు ఆ కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయనుకోండి. ఎన్ని టిక్కీలు లోపలికొచ్చాయి, అద్దె ఎంత బాకీ, ఆ సరుకు మీద అప్పు ఎంత తీసుకున్నారు అన్నవి రెండు వైపుల పుస్తకాల్లోనూ ఇతని చేతిమీదుగానే పడతాయి. ఒక్క నెలే కావచ్చు, కానీ బయోడేటా మొత్తంలో నిజంగా వివరణ అవసరమైన నెల అదే.

ఆ నెలను దాచి షాపు పని మార్చికే ముగిసిందని రాయడం మొదటి అపోహలోకి తిరిగి పడిపోవడమే. కోల్డ్ స్టోరేజీలో చేరేటప్పుడే సంగతి చెప్పి ఉంటే, షాపు వరుస కింద ఒక ముక్క చేర్చాలి: 'ఏప్రిల్ 2023 నెల పని కొత్త యజమానికి తెలియజేసి పూర్తిచేశాను, తర్వాత మానేశాను.' చెప్పి ఉండకపోతే ఆ ముక్క రాయకూడదు. తేదీలు ఉన్నవి ఉన్నట్టు రాసి, అడిగితే జరిగింది చెప్పాలి. ఎగుమతి కంపెనీ మేనేజరు ఆ తర్వాత అడిగేది ఎలాగూ ఒక్కటే ప్రశ్న: 'ఇప్పుడేమైనా బయటి లెక్కలు రాస్తున్నావా?' వాళ్లు మిర్చి కొనేది ఆ యార్డులోనే కాబట్టి, అది మాటవరసకు అడిగే ప్రశ్న కాదు.